తొమ్మిదేళ్ల తర్వాత పుట్టినరోజు విష్ పెట్టాను, జవాబు వచ్చింది. ఇప్పుడేం రాయాలి?

శిరీష_బ్రాడీపేట · నవంబర్ 5, 2024, మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నేను, వాణి (అసలు పేరు కాదు) 2004 నుంచి 2007 దాకా విజయవాడలో డిగ్రీ చదివాం. సత్యనారాయణపురంలో ఒకే గది, ఒకే ట్రంకు పెట్టె, ఒకే పచ్చడి సీసా. పెళ్లిళ్లు అయ్యాక కూడా రోజూ మాట్లాడుకునేవాళ్లం.

2015లో, క్షీరాబ్ది ద్వాదశి ఇంకా రెండు రోజులుందనగా, వాళ్ల నాన్నగారు పోయారు. అప్పుడు నాకు ఏడో నెల, సీమంతం అయ్యి పుట్టింట్లో ఉన్నాను. చావు జరిగిన ఇంటికి కడుపుతో వెళ్లకూడదని అమ్మా అత్తయ్యా ఇద్దరూ ఆపేశారు. వెళ్లలేకపోవడం సరే. నేను ఫోన్ కూడా చెయ్యలేదు. "వెళ్లకుండా ఫోన్లో ఏమని పలకరిస్తాం" అనుకుంటూనే దినం అయిపోయింది. తర్వాత నెల అయింది, నాకు బాబు పుట్టాడు. అన్నప్రాసనకి కార్డు వాట్సాప్‌లో అందరికీ పంపినట్టే తనకీ పంపాను. జవాబు రాలేదు. అంతే, అక్కడితో ఆగిపోయింది. మా ఇంటి నుంచి వాళ్లింటికి పెద్ద దూరం కూడా ఉండదు.

మొన్న ఆదివారం, నవంబర్ 3, తన పుట్టినరోజు. పొద్దున్నే ఇలా పెట్టాను: "వాణీ, హ్యాపీ బర్త్‌డే. నేను శిరీషని." రాత్రి పది అవుతుండగా జవాబు వచ్చింది: "థాంక్స్ శిరీషా. గుర్తుందా నీకు ఈ రోజు."

అప్పటి నుంచి నేను ఏమీ రాయలేదు. చూసినట్టు తనకి నీలం టిక్కులు కనిపించే ఉంటాయి. ఆ మాట సంతోషంతో అందా, దెప్పిందా? ఏం రాస్తే మాట ముందుకు సాగుతుంది? ఈ రెండు రోజులూ స్కూల్లో పాఠం చెప్తున్నా ఇదే ఆలోచన.

హారిక_బెజవాడ · మంగళవారం రాత్రి 9:58

అక్కా, తప్పుగా అనుకోవద్దు. పెళ్లయ్యాక పాత పరిచయాలు కదపడం ఎందుకు? మీ ఆయనకి తెలిస్తే టెన్షన్ కదా. విష్ చేశారు, థాంక్స్ చెప్పారు, అక్కడితో వదిలేయడం మంచిది.

శిరీష_బ్రాడీపేట · మంగళవారం రాత్రి 10:03

హారికా, వాణి ఆడపిల్లే. నా స్నేహితురాలు. మా ఆయనే "ఫోన్ చెయ్యి" అని తొమ్మిదేళ్లుగా పోరుతున్నారు.

హారిక_బెజవాడ · మంగళవారం రాత్రి 10:06

అయ్యో, సారీ అక్కా. ఆత్రంగా చదివేశాను. మళ్లీ మొదటి నుంచి చదువుతాను.

కిరణ్_పటమట · మంగళవారం రాత్రి 10:25

శిరీష గారు, నా సలహా సూటిగా చెప్తాను. జరిగినదంతా ఒక పెద్ద మెసేజ్‌లో రాసి క్షమాపణ అడిగేయండి. ఎందుకు రాలేదో, అమ్మా అత్తయ్యా ఏమన్నారో, మీరెంత బాధపడ్డారో, అన్నీ. దాచుకుంటే మాట్లాడే ప్రతి మాటా దొంగమాట అవుతుంది.

ఇంకోటి. 2024లోనే కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే విషయం మీద పరీక్షలు చేశారు. పాత స్నేహితులకి మెసేజ్ పెట్టడానికి టైమ్ ఇచ్చినా, చేతిలో నంబరున్నా, మూడో వంతు మంది కూడా పెట్టలేదు. అంతకుముందు 2022లో వచ్చిన ఇంకో పరిశోధనలో, మనం పలకరిస్తే అవతలివాళ్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ సంతోషిస్తారని తేలింది. కాబట్టి ఆవిడ సంతోషంతోనే అన్నారు. అనుమానం వద్దు.

రమణ_మిర్చియార్డ్ · మంగళవారం రాత్రి 11:10

కిరణ్ గారూ, అంత గట్టిగా చెప్పకండి. నా సంగతి వినండి. నేనూ నా భాగస్వామీ యార్డులో పదకొండేళ్లు కమీషన్ వ్యాపారం చేశాం. ఒక సీజన్లో లెక్కల దగ్గర మాటా మాటా పెరిగింది, విడిపోయాం. నాలుగేళ్ల తర్వాత అతని పుట్టినరోజుకి "అన్నా, హ్యాపీ బర్త్‌డే" అని పెట్టాను. రెండు టిక్కులు పడ్డాయి, నీలం అయ్యాయి, జవాబు లేదు. ఏడాదంతా అతను నన్ను పట్టించుకోలేదనే అనుకున్నా. ఎవరి దగ్గర మాట వచ్చినా చేదుగానే మాట్లాడా.

మరుసటి ఏడు మళ్లీ పెడితే హిందీలో ఎవరో "మీరెవరు" అని అడిగారు. అతను ఆ సిమ్ ఎప్పుడో వదిలేశాడట. వాడక కనెక్షన్ తీసేసిన నంబర్ని, తీసేశాక తొంభై రోజులు దాటితే కంపెనీలు వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఏ సంబంధమూ లేని ఒకాయన నా మెసేజ్ చదివి ఊరుకుంటే, నేను ఏడాది పాటు మా అన్న మీద కోపం పెట్టుకున్నాను.

మీకు పేరు పెట్టి జవాబు వచ్చింది. అంటే మనిషి ఆవిడే. అది చాలా పెద్ద విషయం అమ్మా.

సరోజిని_లబ్బీపేట · బుధవారం ఉదయం 6:15

శిరీషా, రాత్రే చదివాను, కాస్త ఆలోచించి రాద్దామని ఆగాను. పదకొండేళ్లు ఒక హెల్ప్‌లైన్‌లో ఫోన్లు ఎత్తాను. మాటలు ఆగిపోయిన ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లే ఎక్కువ. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు ఆవిడ జవాబు చూద్దాం. "థాంక్స్" దగ్గరే ఆపేసి ఉంటే మర్యాద తీరిపోయేది. పుట్టినరోజు విష్‌లో ఉన్న సుఖమూ ఇబ్బందీ అదే. ఎవరైనా పెట్టొచ్చు, ఎవరైనా థాంక్స్ చెప్పి ముగించొచ్చు. ఆవిడ ముగించలేదు. నీ పేరు రాసింది, ఇంకో వాక్యం కలిపింది. అది సంతోషమో దెప్పుడో నువ్వు తేల్చక్కర్లేదు, రెండూ కలిసే ఉండొచ్చు. ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. నువ్వు రెండు రోజులుగా దాని అర్థం వెతుకుతున్నావు కానీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పు. "గుర్తుంది" అని చెప్పి, ఎలా గుర్తుందో చెప్పు.

కిరణ్ బాబూ, నువ్వు చెప్పిన 2024 పరిశోధన మా అమ్మాయి చూపిస్తే నేనూ చదివాను. అందులో వాళ్లని ఎంచుకోమన్నది ఎలాంటి స్నేహితుల్ని? తాము మళ్లీ కలవాలనుకుంటున్నవాళ్లని, పలకరిస్తే అవతలివాళ్లూ సంతోషిస్తారని నమ్మకం ఉన్నవాళ్లని. ఊళ్లు మారి దూరమైన స్నేహాలకి అది బాగా సరిపోతుంది. శిరీష వాణి దగ్గర ఒక బాకీ ఉంది. అందుకే ఆ లెక్క ఇక్కడ పూర్తిగా పనికిరాదు.

క్షమాపణ అడగాలన్న నీ మాట నిజమే. పెద్ద మెసేజ్‌లో అడగమన్న మాటతోనే పేచీ. శిరీషా, అంత పొడుగు మెసేజ్ చదివాక ఆవిడ ఏం చెయ్యాలి? "పర్లేదులే" అని నిన్ను ఓదార్చాలి. నాన్న పోయింది తనకి, ఓదార్పు నీకా? పైగా "అమ్మ వద్దంది, అత్తయ్య వద్దంది" అని రాస్తే, అది ఎంత నిజమైనా, చదివేవాళ్లకి సాకులాగే వినిపిస్తుంది. ఆవిడకి నొప్పి నువ్వు రాకపోవడం వల్ల కాదు. కడుపుతో ఉన్నదాన్ని పంపరని తనకీ తెలుసు. ఫోన్ రాకపోవడమే నొప్పి.

ఫణి_గవర్నర్‌పేట · బుధవారం ఉదయం 8:30

ఇక్కడ ఒక సందేహం. వాణి గారి ఫేస్‌బుక్‌లో ఉన్న తేదీ ఇదేనా? నేనూ ఒకసారి అక్కడ చూసే పాత క్లాస్‌మేట్‌కి పెద్దగా విష్ రాశాను. అది వాడి సర్టిఫికెట్ తేదీ. బళ్లో వేసేటప్పుడు హెడ్‌మాస్టారు వయసు సరిపోవడానికి జూన్ నెలలో ఏదో ఒక రోజు రాసేశారు. అసలు పుట్టింది శ్రావణంలో. "నువ్వు కూడా ఫోన్ గుర్తు చేస్తేనే చెప్పావా" అన్నాడు. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ ఏడు వాళ్లమ్మ పోయి ఏటి సూతకంలో ఉన్నాడు. పండగే చేసుకోని ఇంటికి నేను కేకు బొమ్మ పంపాను.

శిరీష_బ్రాడీపేట · బుధవారం ఉదయం 8:52

ఫణి గారూ, వాణి సర్టిఫికెట్‌లోనూ జూన్ 1 అనే ఉంది! ఫేస్‌బుక్‌లోనూ అదే. అసలుది నవంబర్ 3 అని వాళ్లింట్లో వాళ్లకి, నాకు, ఇంకో ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలుసు. ఏటా జూన్ 1న వచ్చే విష్‌లు చూసి విసుక్కునేది.

సరోజిని_లబ్బీపేట · బుధవారం ఉదయం 9:05

చూశావా తల్లీ, ఇంత ముఖ్యమైన సంగతి మొదట చెప్పలేదు. ఇప్పుడు ఆ వాక్యం మళ్లీ చదువు: "గుర్తుందా నీకు ఈ రోజు." ఏ యాప్ గుర్తు చెయ్యని తేదీకి విష్ వచ్చిందని ఆవిడకి అర్థమైంది. నీ రెండో మెసేజ్‌కి పునాది అదే.

కిరణ్_పటమట · బుధవారం మధ్యాహ్నం 1:20

ఒప్పుకుంటున్నాను, పెద్ద మెసేజ్ వద్దు. మరి మొన్న సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చింది కదా. "మీ ఇల్లు మునిగిందా, అందరూ బాగున్నారా" అని అడిగితే సహజంగా ఉంటుంది. విజయవాడలో ఇప్పుడు ఎవరు ఎవరిని పలకరించినా మొదటి మాట అదే.

శిరీష_బ్రాడీపేట · బుధవారం మధ్యాహ్నం 1:45

వాళ్లు ఉండేది అజిత్‌సింగ్ నగర్ దగ్గరే. ఆ వారం టీవీలో పడవలు, మేడల మీద జనం, పాల ప్యాకెట్ల కోసం చేతులు చాపడం చూస్తూ నాలుగైదు సార్లు తన చాట్ తెరిచాను. "ఎలా ఉన్నారు" అని టైప్ చేసి చెరిపేశాను. కిరణ్ గారు చెప్పినట్టు "వరదప్పుడు నీ గురించే అనుకున్నా" అని రాద్దామా?

సరోజిని_లబ్బీపేట · బుధవారం మధ్యాహ్నం 2:30

వద్దు. కాస్త ఆలోచించు. నాన్న పోయినప్పుడు అనుకున్నావు, ఫోన్ చెయ్యలేదు. ఇల్లు నీళ్లలో ఉన్నప్పుడు అనుకున్నావు, ఫోన్ చెయ్యలేదు. ఆ వాక్యం నీకు ప్రేమగా అనిపిస్తుంది. ఆవిడకి "రెండోసారి కూడా రాలేదన్నమాట" అని వినిపిస్తుంది. వేరేవాళ్లకి వరద మంచి పలకరింపే, కిరణ్ చెప్పింది ఆ వరకూ సరైనదే. నీకు మాత్రం కాదు. ఆవిడే ఎత్తితే అప్పుడు అడుగు, నిజం చెప్పు.

ఇంకో జాగ్రత్త. చాలా ఏళ్ల తర్వాత మెసేజ్ రాగానే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఏంటంటే, పెళ్లి కార్డా, అప్పా, ఏదైనా పాలసీ కట్టమంటారా అని. "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మాత్రం రాయకు. ఆ మాట చదివితే ఫోన్ ఎత్తడానికే భయపడతారు. పనేమీ లేదని విడమర్చి చెప్పు.

ఇప్పుడు నువ్వు ఒకటి రాసి ఇక్కడ పెట్టు. నేను రాసిస్తే అది నా మాట అవుతుంది, ఆవిడ కనిపెట్టేస్తుంది.

శిరీష_బ్రాడీపేట · బుధవారం రాత్రి 9:15

ఇలా రాశాను:

"గుర్తుంది వాణీ. ఆ రోజులు మళ్లీ రావు కదా. నువ్వు ఎలా ఉన్నావు? పిల్లలు ఏం చదువుతున్నారు? బావగారు ఎక్కడ చేస్తున్నారు? అమ్మగారు ఎలా ఉన్నారు? మేమంతా బాగున్నాం. మాకు ఒక బాబు, మూడో తరగతి. నీతో మాట్లాడాలని ఉంది. కుదిరినప్పుడు ఫోన్ చెయ్యి."

ఫణి_గవర్నర్‌పేట · బుధవారం రాత్రి 9:40

బాగానే ఉంది కానీ, ఎవరు ఎవరికి పంపినా సరిపోయేలా ఉంది శిరీష గారు. మా చిన్నత్త కూడా నాకు ఇలాగే రాస్తుంది.

సరోజిని_లబ్బీపేట · బుధవారం రాత్రి 9:55

ఫణి చెప్పింది సరైన మాట. నాలుగు ప్రశ్నలు వరసగా అడిగావు. వాటికి జవాబు రాయాలంటే తొమ్మిదేళ్లు కూర్చి రాయాలి. అలసిపోయి "అంతా బాగున్నారు" అని ఒక్క ముక్కలో ముగిస్తుంది. అప్పుడు నువ్వు మళ్లీ ఇక్కడికొచ్చి ఏం చెయ్యాలి అని అడుగుతావు. ప్రశ్న ఒక్కటే ఉండాలి, ఒక్క మాటతో జవాబు చెప్పగలిగేలా ఉండాలి. "ఫోన్ చెయ్యి" అని భారం తన మీద పెట్టావు. చెయ్యాల్సింది నువ్వు. తను చెప్పాల్సింది ఎప్పుడు చెయ్యాలో అదొక్కటే.

నవంబర్ 3న మీ గదిలో ఏం జరిగేది? అది చెప్పు ముందు.

శిరీష_బ్రాడీపేట · బుధవారం రాత్రి 10:20

వాళ్ల నాన్నగారు తెనాలి నుంచి పొద్దున్నే బండికి వచ్చేవారు. చేతిలో స్టీలు డబ్బా, నిండా సున్నుండలు. మూత ఊడకుండా చుట్టూ తెల్ల తువ్వాలు కట్టేవారు. గదిలోకి వచ్చేవారు కాదు, వరండాలో నిలబడే నన్ను పిలిచి "పెద్దమ్మాయ్, ముందు నువ్వు తీసుకో, అది నీకు మిగల్చదు" అనేవారు. నేను వాణి కన్నా మూడు నెలలు పెద్ద. డబ్బా నా చేతికే ఇచ్చేవారు. సాయంత్రం బండికి ఖాళీ తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవారు.

మూడేళ్లూ ఇంతే. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

హారిక_బెజవాడ · బుధవారం రాత్రి 10:31

అక్కా, ఇదే రాయండి. నాకు కూడా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రమణ_మిర్చియార్డ్ · బుధవారం రాత్రి 10:50

పోయిన మనిషిని మెసేజ్‌లో తీసుకురావడం నాకు ఇష్టం లేదు. పుట్టినరోజు పలకరింపులో నాన్న మాట వస్తే ఆవిడ బాధపడదా? కలిసినప్పుడు మాట్లాడుకోవచ్చు.

సరోజిని_లబ్బీపేట · గురువారం ఉదయం 6:10

రమణ గారి భయం నాకు అర్థమైంది, ఇలాంటివి మనిషిని బట్టి ఉంటాయి. ఎదురుగా ఉన్నప్పుడే బాగుంటుందనేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఇక్కడ నవంబర్ 3 గురించి రాస్తూ ఆయన్ని తీసేస్తే ఆ రోజే మిగలదు. తొమ్మిదేళ్ల క్రితం ఆయన పేరు ఎత్తలేకే కదా శిరీష ఆగిపోయింది. నాన్నని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకొకరు ఉన్నారని తెలిస్తే చాలామందికి బాధకన్నా ఊరటే ఎక్కువ. "చనిపోయారు" అన్న మాట రాయక్కర్లేదు. ఆయన బతికున్న రోజు రాస్తే చాలు.

తేదీ కూడా చూసుకో. క్షీరాబ్ది ద్వాదశికి రెండు రోజుల ముందు అన్నావు. అంటే దశమి. తద్దినం తిథి ప్రకారం పెడతారు కాబట్టి ఏటా తేదీ మారుతుంది. 2015లో పుట్టినరోజు అయిన పద్దెనిమిది రోజులకి వచ్చింది. ఈ ఏడు వచ్చే సోమవారమే, 11న. ఆ ఇంట్లో ఇప్పటికే ఆ పనుల హడావుడి మొదలై ఉంటుంది. నువ్వు చెప్పదలుచుకున్న మాట ఆ లోపే చెప్పు. ఆ రోజు మాత్రం మెసేజ్ పెట్టకు. వంట, బ్రాహ్మడు, చుట్టాలు, వీటి మధ్య నీ మాటకి ఆవిడ దగ్గర చోటుండదు.

శిరీష_బ్రాడీపేట · గురువారం ఉదయం 7:40

ఇప్పుడే పంపేశాను. వణుకుతూ పంపాను:

"గుర్తుంది వాణీ. నవంబర్ 3. జూన్ 1 అందరిదీ, ఇది మన గదిది. నాన్నగారు తువ్వాలు కట్టి తెచ్చే సున్నుండల డబ్బా కళ్ల ముందే ఉంది. పనేమీ లేదు, నీ గొంతు వినాలని ఉంది. శనివారం సాయంత్రం నేను ఫోన్ చెయ్యనా?"

కిరణ్_పటమట · గురువారం ఉదయం 8:05

చాలా బాగుంది. నేను చెప్పినట్టు రాసి ఉంటే పది రెట్లు పొడుగుండేది, ఇందులో సగం కూడా చెప్పేది కాదు.

శిరీష_బ్రాడీపేట · గురువారం రాత్రి 9:30

పొద్దున్నే రెండు టిక్కులు పడ్డాయి. రోజంతా నీలం కాలేదు. మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో కనిపించింది కూడా. తెరవలేదు. నేను తప్పు చేశానా?

రమణ_మిర్చియార్డ్ · గురువారం రాత్రి 9:44

తెరవకుండానే నోటిఫికేషన్‌లో చదివి ఉంటారమ్మా. నేనూ మనసుకి తగిలే మెసేజ్ వస్తే అలాగే చేస్తాను. తెరిస్తే జవాబు చెప్పాలి కదా.

సరోజిని_లబ్బీపేట · గురువారం రాత్రి 10:00

అదే అయ్యుంటుంది. ఇంకో మెసేజ్ పెట్టకు, "చూశావా" అని కూడా వద్దు. విష్‌కి జవాబు ఇచ్చింది కూడా పగలంతా గడిచాక రాత్రి పదింటికే. ఇంటిపని అంతా అయ్యాకే రాసే మనిషి. శనివారం దాకా టైముంది.

శిరీష_బ్రాడీపేట · శుక్రవారం రాత్రి 10:35

ఇప్పుడే వచ్చింది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"ఆ డబ్బా నా దగ్గరే ఉంది. కందిపప్పు పోసుకుంటున్నా. వరదకి కింది వాటా అంతా పోయినా అది పై అరలో ఉండి మిగిలింది. రేపు ఆరున్నర తర్వాత చెయ్యి."

హారిక_బెజవాడ · శుక్రవారం రాత్రి 10:37

అక్కా!!! వరద మాట ఆవిడే ఎత్తారు!

సరోజిని_లబ్బీపేట · శుక్రవారం రాత్రి 11:00

మంచిది తల్లీ. రేపటి సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఫోన్ ఎత్తగానే ఆ మాట అనెయ్యకు. కాసేపు పిల్లల సంగతులు, ఇంటి సంగతులు సాగనీ. వరద మాట ఆవిడే రాసింది కాబట్టి ఇల్లు ఎంత పాడైందో అడుగు, తీరిగ్గా విను. మాట కాస్త నెమ్మదించినప్పుడు ఒక్క వాక్యం చెప్పు: "నాన్నగారు పోయినప్పుడు నేను ఫోన్ చెయ్యలేదు, చెయ్యాల్సింది." తర్వాత "ఎందుకంటే" అని మొదలుపెట్టకు. తనే అడిగితే చెప్పు. తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నింపాలని చూడకు. అది ఆవిడది. "క్షమించావా" అని అస్సలు అడగకు.

కిరణ్_పటమట · శుక్రవారం రాత్రి 11:20

సరోజిని గారూ, ఒక్క మాట. కారణం అసలు చెప్పకపోతే ఆవిడకి తెలిసేదెలా? కడుపుతో ఉన్న విషయం అప్పటికి వాణి గారికి తెలుసో లేదో. నా ఉద్దేశంలో క్లుప్తంగానైనా చెప్పాలి.

సరోజిని_లబ్బీపేట · శుక్రవారం రాత్రి 11:32

నిజమే, ఇది శిరీషకే తెలియాలి. ఆవిడకి అప్పుడు తెలియకపోయి ఉంటే కిరణ్ మాటే సరైనది.

శిరీష_బ్రాడీపేట · శనివారం రాత్రి 9:20

తెలుసు. సీమంతానికి గాజులు తనే కొని పంపింది.

మాట్లాడాను. నలభై నిమిషాలు. మొదటి పావుగంట మామూలుగానే నడిచింది. మంచాలు, బీరువా, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయట. బురద కడగడానికే వారం పట్టిందట. మా బాబు గొంతు వినిపిస్తే "ఎవరు, వాడేనా" అంది. అన్నప్రాసన కార్డు గుర్తుందని అప్పుడే అర్థమైంది.

తర్వాత ఆ వాక్యం చెప్పాను, సరోజినమ్మ గారు చెప్పినట్టే. చాలాసేపు మాట లేదు. కుక్కర్ విజిల్ వినిపించింది, ఆపడానికి కూడా వెళ్లలేదు. చివరికి అంది: "పదకొండు రోజులూ నీ ఫోన్ కోసం చూశా. ఎవరు చేసినా నువ్వేమో అనుకునేదాన్ని. తర్వాత నీ కార్డు వచ్చింది, అందరికీ పంపిందే."

నేను "అవును" అన్నాను. ఇంకేమీ అనలేదు. తను కూడా "పర్లేదు" అనలేదు. కాసేపాగి, సోమవారం తద్దినం పనులున్నాయి, తర్వాత మాట్లాడదాం అని పెట్టేసింది. గొంతులో కోపం లేదు. పాత వాణీ లేదు.

రమణ_మిర్చియార్డ్ · శనివారం రాత్రి 9:50

"పర్లేదు" అనకపోవడమే మంచిది అమ్మా. మా ఇద్దరి మధ్య ఆ మాట నాలుగైదు సార్లు వాడేశాం, ఒక్కసారీ నిజం కాదు. నేను కూడా మా అన్న కొత్త నంబరు యార్డులో తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నాను. నిన్న రాత్రి ఒక మెసేజ్ పెట్టాను. పుట్టినరోజు ఇంకా చాలా దూరంలో ఉంది, దానికోసం ఆగలేదు. ఒక్క టిక్కే పడింది. ఫోన్ ఆపాడో, నన్ను బ్లాక్ చేశాడో తెలియదు. ఒక్క టిక్కుని బట్టి ఏదీ తేల్చలేం.

సరోజిని_లబ్బీపేట · ఆదివారం ఉదయం 6:20

రమణ గారూ, కొన్ని రోజులు ఆగి చూడండి. అప్పటికీ ఒక్కటే ఉంటే మామూలు ఫోన్ చెయ్యండి, రింగ్ అవుతుందో లేదో తెలుస్తుంది.

శిరీషా, ఆవిడ తొమ్మిదేళ్లుగా లోపల పెట్టుకున్నది నీతోనే చెప్పింది. "కార్డు అందరికీ పంపిందే" అన్న మాట బాగా పట్టుకో. ఇక మీదట తనకి ఫార్వర్డ్‌లు, గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపకు. పంపితే తన కోసం రాసిందే పంపు, వారానికి ఒకటైనా చాలు.

శిరీష_బ్రాడీపేట · బుధవారం, నవంబర్ 13, రాత్రి 8:45

సోమవారం ఏమీ పెట్టలేదు. నిన్న రాత్రి తనే రాసింది: "పనులయ్యాయి. ఈ ఆదివారం బీసెంట్ రోడ్డుకి వస్తున్నా, పిల్లలకి బట్టలు తీసుకోవాలి. వస్తే రా." ఇంటికి రమ్మనలేదు. పదకొండింటి బస్సుకి వెళ్తున్నాను, బాబుని తీసుకెళ్లడం లేదు, మొదటిసారి మేమిద్దరమే అనుకున్నాను.

ఒక్కటి అడగాలి. సున్నుండలు చేసి తీసుకెళ్లనా? మినుములు వేయించి పెట్టాను, పొద్దున మరకి ఇవ్వాలి.

హారిక_బెజవాడ · బుధవారం రాత్రి 8:52

తీసుకెళ్లండి అక్కా! ఎంత సంతోషిస్తారో.

సరోజిని_లబ్బీపేట · బుధవారం రాత్రి 9:10

సున్నుండలు వద్దమ్మా. అవి ఆయనవి. ఎప్పుడైనా తనే ఆ డబ్బాలో పోసి నీ చేతికి ఇవ్వాలి.

శిరీష_బ్రాడీపేట · బుధవారం రాత్రి 9:25

సరే అమ్మా. మా పెరటి గోంగూర ఉంది, పచ్చడి చేసి సీసాలో పెడతాను. హాస్టల్లో అది నా వంతు.